నాలుగు నైట్లు, రెండు ఆఫ్‌లు, మళ్లీ మార్నింగ్: ఆసుపత్రి డ్యూటీల మధ్య నిద్ర, ఇల్లు, పిల్లల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఐసీయూలో కొత్తగా చేరిన సిస్టర్లు టీ తాగే టైంలో నన్ను అడిగే ప్రశ్నలివి. పదకొండేళ్లుగా రోస్టర్ డ్యూటీలు చేస్తున్నాను. ఇల్లు కేపీహెచ్‌బీలో, ఆసుపత్రి పంజాగుట్ట వైపు. ఇంట్లో మా వారు, అత్తయ్య, మూడో తరగతి చదివే పాప. మా డ్యూటీలు చాలాచోట్ల ఉన్నట్టే ఉంటాయి: మార్నింగ్ 8 నుంచి 2, ఈవెనింగ్ 2 నుంచి రాత్రి 8, నైట్ రాత్రి 8 నుంచి పొద్దున 8. కింద చెప్పే లెక్కలన్నీ ఒకే రోస్టర్ మీద: ఆదివారం నుంచి బుధవారం దాకా నాలుగు నైట్లు, గురు, శుక్రవారాలు ఆఫ్, శనివారం మార్నింగ్. మీ రోజులు వేరైనా లెక్క ఇదే.

వరుసగా నాలుగు నైట్లు చేస్తే ఒళ్లు దానికదే అలవాటు పడదా?

పడదు. ఒంట్లో ఉన్న గడియారం రోజుకు సుమారు ఒక గంట మాత్రమే జరుగుతుంది. రాత్రిని పగలు చెయ్యాలంటే పది, పన్నెండు గంటలు జరగాలి. అది మొదలయ్యేలోపే మన నైట్లు అయిపోతాయి. పైగా రోజూ పొద్దున డ్యూటీ దిగి ఎండలోకి వస్తాం కదా, ఆ వెలుగు కంట్లో పడగానే "ఇప్పుడు పగలు" అని గడియారం మళ్లీ సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి నైట్లే చేసేవాళ్లలో కూడా పూర్తిగా మారేవాళ్లు తక్కువ.

అందుకే నేను ఒంటిని తిప్పే ప్రయత్నం మానేశాను. నాలుగు రోజులూ నిద్రను ముక్కలుగా ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకోవడం, ఆఫ్ రాగానే గబుక్కున రాత్రి నిద్రలోకి వచ్చెయ్యడం, నా ప్లాన్ మొత్తం ఇంతే.

ఒంటి వేడి అన్నిటికంటే తగ్గేది తెల్లవారుజామున 4, 5 గంటల ప్రాంతంలో. నాలుగో నైట్ అయినా, నలభయ్యో నైట్ అయినా ఆ టైంలో బుర్ర మందగిస్తుంది. మనకేమో బ్లడ్ శాంపిల్స్ తీసేదీ, చార్టులు నింపేదీ అప్పుడే. ఆ రెండు గంటల్లో ఇన్సులిన్, పొటాషియం క్లోరైడ్ లాంటివి లోడ్ చేసేటప్పుడు పక్క సిస్టర్‌ని పిలిచి, డోసు పైకి చదివించి, ఇద్దరం చూశాకే పెడతాం. రూల్ ఎప్పుడూ ఉంది, నిజమే. కానీ దాన్ని దాటేయాలనిపించేది సరిగ్గా ఆ టైంలోనే.

మొదటి నైట్‌కి ముందు ఆ రోజంతా ఎలా గడపాలి?

చాలామంది చేసే తప్పు ఇక్కడే. "నైట్ ఉంది కదా, పగలు పనులన్నీ ముగించుకుందాం" అని ఆదివారం పొద్దున ఆరింటికి లేచి ఇల్లు కడిగి, బట్టలుతికి, సాయంత్రం ఏడింటికి బయల్దేరతారు. అలా చేస్తే సోమవారం పొద్దున 8 అయ్యేసరికి 26 గంటలు మెలకువగా ఉన్నట్టు.

నేను ఆదివారం ఎనిమిదింటి దాకా పడుకుంటాను. మధ్యాహ్నం భోంచేసి 2 నుంచి 3:30 దాకా, అంటే గంటన్నర, మళ్లీ పడుకుంటాను. నిద్ర పట్టకపోయినా కర్టెన్లు వేసుకుని కళ్లు మూసుకుని ఉంటాను. గంటన్నరే ఎందుకంటే నిద్ర ఒక చుట్టు పూర్తి కావడానికి రమారమి అంత పడుతుంది. ముప్పావుగంటకు అలారం పెడితే గాఢ నిద్ర మధ్యలో లేపినట్టవుతుంది, లేచాక అరగంట దాకా చిరాకుగా, మత్తుగా ఉంటుంది. పడుకుంటే ఇరవై నిమిషాలు పడుకోండి, లేదా గంటన్నర పడుకోండి.

పొద్దున తొమ్మిదిన్నరకు పడుకుంటే ఒంటిగంటకే మెలకువ వచ్చేస్తోంది. ఏం చెయ్యాలి?

అది మీ తప్పు కాదు. పగలు ఎక్కేకొద్దీ ఒంటి వేడి పెరుగుతూ ఉంటుంది, నిద్ర తేలికవుతుంది. రాత్రి ఏడు గంటలు నిద్రపోయే మనిషికి కూడా పగలు అయిదుకు మించి రావడం కష్టం. బలవంతంగా అక్కడే దొర్లుతూ ఉంటే టెన్షన్ తప్ప నిద్ర రాదు.

నేను రెండు ముక్కలు చేసుకున్నాను. సోమవారం, మంగళవారం, బుధవారం ఈ మూడు రోజులూ నా టైం ఇది: ఇంటికి 9:10కి వస్తాను, రెండు ఇడ్లీలు తిని, స్నానం చేసి, 9:45కి పడుకుంటాను. 2:30, 2:45 ప్రాంతంలో లేస్తాను. ఒంటిగంటకు మెలకువ వచ్చినా ఫోన్ ముట్టుకోకుండా అరగంట అలాగే ఉంటే చాలాసార్లు మళ్లీ పడుతుంది. తర్వాత పాప, వంట. సాయంత్రం 5 నుంచి 6:15 దాకా రెండో నిద్ర. 7 గంటలకు ఇంట్లోంచి బయటపడతాను. రెండూ కలిపితే ఆరు గంటల పైన.

సాయంత్రం నిద్ర వింతగా అనిపిస్తుంది మొదట్లో. దీపాలు పెట్టేవేళ పడుకుంటావేంటని మా అత్తయ్య నొచ్చుకునేవారు కూడా. కానీ తెల్లవారుజామున నాలుగింటికి నన్ను నిలబెట్టేది ఆ గంటంబావే. డ్యూటీకి దగ్గరగా పడుకున్న నిద్ర కాబట్టి దాని బలం అప్పటిదాకా ఉంటుంది.

గది చీకటి చెయ్యడానికి, మోతలు ఆపడానికి ఏం చేశారు?

కిటికీ అద్దాలకు లోపలివైపు వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ అంటించి, దాని మీద మందపాటి కర్టెన్ వేశాం. ఫాయిల్‌కి వంద రూపాయల లోపే అయింది. చెయ్యి చాపితే వేళ్లు కనిపించకూడదు, అదీ లెక్క. కూలర్ కన్నా ఏసీ మేలు, ఏసీ లేకపోతే సీలింగ్ ఫ్యాన్ ఫుల్లుగా పెడితే బయటి చప్పుడు కూడా కొంత కలిసిపోతుంది.

మోతల సంగతి వేరు. మా వీధిలో పదింటికి కూరగాయల బండి మైకు, పదకొండింటికి పాత ఇనప సామాను వాడు, ఆషాఢంలో బోనాల డప్పులు. వాటిని ఆపలేం కదా. చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు మందుల షాపులో దొరుకుతాయి. కానీ నన్ను ఎక్కువగా లేపింది బయటి మోతలు కాదు, ఇంటి కాలింగ్ బెల్లు. గ్యాస్ సిలిండర్, కొరియర్, పక్కింటావిడ. ఇప్పుడు పడుకునే ముందు బెల్ స్విచ్ ఆపేస్తాను. గ్యాస్ డెలివరీ కోడ్ అత్తయ్య ఫోన్‌కి పంపిస్తాను. నా ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది, మా వారి నంబరు, పాప స్కూలు నంబరు, మా ఇన్‌చార్జ్ సిస్టర్ నంబరు మాత్రం మోగేలా పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఇన్‌చార్జ్ నంబరు తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను.

నైట్‌లో టీ ఎప్పటిదాకా తాగొచ్చు?

రాత్రి 2 గంటల దాకా. టీ, కాఫీల్లోని కెఫీన్ సగం కరగడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. తెల్లవారి 5కి తాగిన కప్పులో సగం మీరు పడుకునే పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. అన్నిటికంటే చెడ్డది హ్యాండోవర్ అయ్యాక గేటు బయట అందరం కలిసి తాగే ఇరానీ చాయ్. నాకూ అదంటే ప్రాణం. ఇప్పుడు వాళ్లతో నిలబడి ఉస్మానియా బిస్కెట్ తింటాను, చాయ్ ఆఫ్ రోజుకి దాచుకుంటాను.

తిండి గురించి ఒక్క మాట. అసలు భోజనం ఇంట్లోనే 6:30కి చేసి వెళ్లండి. రాత్రి పన్నెండుకి పెరుగన్నం లాంటిది కొంచెం. అదే అన్నం పగలు తింటే పెరిగే షుగర్ కన్నా అర్ధరాత్రి తింటే పెరిగేది ఎక్కువ, కడుపు కూడా నిదానంగా అరిగిస్తుంది. మూడింటికి ఎవరో బిర్యానీ తెప్పిస్తే ఒక ముద్ద రుచి చూడండి, ప్లేటు పెట్టుకోవద్దు.

డ్యూటీ దిగాక స్కూటీ మీద రావచ్చా?

నేను రావడం మానేశాను. ఆరేళ్ల క్రితం మూడో నైట్ అయ్యాక మూసాపేట సిగ్నల్ దగ్గర ఆగాను. తర్వాత గుర్తున్నది వెనక ఆటో అతను హారన్ కొట్టడం. సిగ్నల్ ఎప్పుడు పచ్చబడిందో తెలీదు, రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి, బండి ఆన్‌లోనే ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయనుకుంటున్నాను. నడుస్తున్నప్పుడు అలా అయ్యుంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు. ఆవలింతలు వరుసగా రావడం, గత రెండు మూడు నిమిషాల రోడ్డు గుర్తులేకపోవడం, లేన్ తప్పి పక్కకు వెళ్లడం, వీటిలో ఏ ఒక్కటి జరిగినా బండి పక్కన ఆపెయ్యాలి. ముఖం మీద గాలి తగిలితే నిద్రపోము అనేది మన భ్రమ.

ఇప్పుడు పంజాగుట్టలో మెట్రో ఎక్కితే కేపీహెచ్‌బీలో దిగుతాను, అరగంట లోపే. కూర్చుంటే నిద్రపోతాను, అందుకే నిలబడతాను. ఒకసారి కూర్చున్నందుకు మియాపూర్‌లో సెక్యూరిటీ అమ్మాయి లేపింది, చివరి స్టేషన్ మేడమ్ అని. స్టేషన్ మెట్లు దిగేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటాను, ఇల్లు చేరేదాకా తియ్యను. ఎండ కళ్లలో పడకపోతే పడుకోగానే నిద్ర పట్టడం తేలిక. కానీ మీరు స్వయంగా బండి నడిపేటట్లయితే నల్లద్దాలు వద్దు, అవి మత్తును ఇంకా పెంచుతాయి.

నైట్లు అయిపోయిన రోజు ఎంతసేపు పడుకోవాలి? ఆ రోజే నాకు అంతా చెడిపోతోంది.

అందరికీ చెడేది ఆ రోజే. అందుకని గురువారం సంగతి గంటగంటకూ చెప్తాను.

మొదట్లో నేను చేసిందిది. నాలుగు నైట్ల అలసట తీరాలని గురువారం పొద్దున పదింటికి పడుకుని సాయంత్రం అయిదింటికి లేచేదాన్ని. హాయిగా ఉండేది. రాత్రి పదకొండుకి అందరూ పడుకుంటే నాకు నిద్ర రాదు. మూడింటికి పట్టేది. శుక్రవారం పదకొండింటికి లేచేదాన్ని, ఆ రాత్రీ అదే గొడవ. శనివారం 5:45కి అలారం మోగేసరికి పడుకుని మూడు గంటలు కూడా అయ్యేది కాదు. రెండు ఆఫ్‌లు తిన్నాక కూడా మార్నింగ్ డ్యూటీకి నైట్ మొహంతోనే వెళ్లేదాన్ని.

ఇప్పుడు చేసేదిది. గురువారం 9:45కి పడుకుని 1:15కి అలారం. మూడున్నర గంటలు మాత్రమే. ఆ అలారం మోగినప్పుడు ఏడుపొస్తుంది, ముందే చెప్తున్నాను. మంచం మీదే ఉంటే మళ్లీ పడిపోతాను కాబట్టి అలారం ఫోన్ వంటింట్లో పెడతాను. లేచి స్నానం, భోజనం. మూడింటికి పాపని తీసుకురావడానికి నడిచి వెళ్తాను, నల్లద్దాలు లేకుండా. ఈ రోజు వెలుగు కావాలి మనకి. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా కుర్చీలో కూర్చున్నా కళ్లు మూతలు పడతాయి, ఆ నాలుగు గంటలూ నిలబడి చేసే పనులే పెట్టుకుంటాను. టీవీ ముందు కూర్చుంటే అయిపోయినట్టే. బుర్ర పెట్టాల్సిన పనులు, డబ్బు లెక్కలు, అత్తయ్యతో సున్నితమైన మాటలు ఆ రోజు పెట్టుకోను. బండి అసలే తియ్యను.

రాత్రి 9:30కి పడుకుంటే దిండు తగలగానే నిద్ర. శుక్రవారం ఆరింటికి దానంతటదే మెలకువ వస్తుంది. శుక్రవారం మామూలు రోజు, రాత్రి పదింటికి మంచం. శనివారం 5:45 అలారం అప్పుడు శత్రువులా అనిపించదు.

మార్నింగ్ కాకుండా ఆఫ్ తర్వాత ఈవెనింగ్ పడితే ఇంత కఠినంగా ఉండక్కర్లేదు, 2:30 దాకా పడుకోవచ్చు.

ఇంటి పనులు ఎప్పుడు చేసుకోవాలి?

నైట్ల వారంలో కొత్త పని ఏదీ మొదలుపెట్టను. పెద్ద పనులన్నీ శుక్రవారానికి, అంటే రెండో ఆఫ్‌కి. ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్లేది ఆ రోజే. గురువారం వెళ్తే ఏదో ఒకటి మర్చిపోయి వస్తాను, ఒకసారి సంచే మర్చిపోయాను.

నైట్లు మొదలయ్యే ముందు రోజు, శనివారం రాత్రి, ఇడ్లీ పిండి రుబ్బి పెడతాను. ఆదివారం పొద్దునకి పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెడితే బుధవారం దాకా వస్తుంది. రెండు రకాల పప్పు, కూరలకి తరిగిన ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి కూడా అప్పుడే. నైట్ల రోజుల్లో నా వంట మధ్యాహ్నం మూడు తర్వాత ఒక్కసారే, అదే రాత్రి భోజనానికి, మర్నాడు టిఫిన్ బాక్సుకి. వాషింగ్ మెషిన్ కూడా అప్పుడే, నేను పడుకున్న గది గోడకి అవతలే ఉంది మరి.

మాకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, పొద్దున పూటే. నైట్ల వారంలో సంపు చూసి మోటార్ వెయ్యడం మా వారి పని అని తేల్చుకున్నాం. తేల్చుకోక ముందు ప్రతిసారీ ఫోన్ చేసి నన్ను లేపి "మోటార్ వేశావా?" అని అడిగేవారు. మిక్సీ, కుక్కర్ విజిల్ పదిన్నర లోపు వద్దు అన్నది ఇంకో ఒప్పందం. నేను గాఢంగా పడుకునేది మొదటి మూడు గంటలే, కనీసం మొదటి ముప్పావుగంట దాటనివ్వమన్నాను. అంతా ఆపమంటే ఇల్లు నడవదు.

అత్తగారికి, ఇంట్లో పెద్దవాళ్లకి ఎలా చెప్పాలి? పగలంతా పడుకుంటుందని అనుకుంటారు.

లెక్కలు చెప్తే పని చెయ్యలేదు. ఒకరోజు మా అత్తయ్య మధ్యాహ్నం పన్నెండున్నరకి తలుపు కొట్టి, పోపుల డబ్బాలో జీలకర్ర ఎక్కడ పెట్టానని అడిగారు. ఆ సాయంత్రం నెమ్మదిగా అన్నాను: "అత్తయ్యా, నాకు మధ్యాహ్నం పన్నెండున్నర అంటే మీకు అర్ధరాత్రి పన్నెండున్నర. ఆ టైంలో మిమ్మల్ని జీలకర్ర కోసం లేపితే ఎలా ఉంటుంది?" ఆవిడ నవ్వారు. తర్వాత చుట్టాలొచ్చినా "కోడలికి ఇప్పుడు అర్ధరాత్రి" అని ఆవిడే చెప్పడం మొదలుపెట్టారు.

నెల రోస్టర్ రాగానే వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్ మీద నైట్లకి నీలం పెన్నుతో గీత, ఆఫ్‌కి సున్నా పెడతాను. తిథులు, పూజలు చూసుకునేది దాంట్లోనే కాబట్టి అందరి కళ్లూ దాని మీద పడతాయి. ఫోన్‌లో పంపిన రోస్టర్ ఫొటో ఎవరూ తెరిచి చూడరు.

పాపతో, భర్తతో టైం ఎలా దొరుకుతుంది?

పాపకి నైట్ల వారంలో రోజూ 3:45 నుంచి 4:45 నాదే. ఆ గంటలో హోంవర్క్ కాదు, హోంవర్క్ వాళ్ల నాన్న రాత్రి చేయిస్తారు. జామకాయ కోసుకుని తింటాం, స్కూల్లో ఎవరు ఎవరితో కటీఫ్ అన్నది వింటాను. "రేపు పార్కుకి తీసుకెళ్తా" లాంటి మాట నైట్ల మధ్యలో ఇవ్వను. శుక్రవారం అని చెప్పి క్యాలెండర్‌లో ఆ సున్నా పక్కన తనతోనే బొమ్మ గీయిస్తాను. పిల్లలకి "తర్వాత" అంటే నమ్మకం లేదు, గీసిన గడి అంటే ఉంది.

మా వారు తొమ్మిదిన్నరకి ఆఫీసుకి బయల్దేరతారు, నేను 9:10కి వస్తాను. ఆ ఇరవై నిమిషాలు ఆయన కాఫీ, నా ఇడ్లీ. ఇంటి గొడవలు అప్పుడు తియ్యకూడదని అనుకున్నాం. తీస్తే నిద్ర పట్టక దొర్లేది నేనే.

నైట్ల మధ్యలో పెళ్లిళ్లు, ఫంక్షన్లు వస్తే?

పొద్దున పదిన్నర ముహూర్తమైతే వెళ్లను, రిసెప్షన్ వేరే రోజు ఉంటే దానికి వెళ్తాను. తప్పనిసరి దగ్గరివాళ్లదైతే ఒక నైట్ ముందే మార్చుకుంటాను.

డ్యూటీ మార్చుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

రెండు డ్యూటీల మధ్య గడువు. ఈవెనింగ్ అయి హ్యాండోవర్ ఇచ్చి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర, అన్నం తిని పడుకునేసరికి పదకొండు. మర్నాడు మార్నింగ్ అంటే 5:45కి లేవాలి. ఎవరో బతిమాలితే ఒప్పేసుకుంటాం, కానీ ఆ రాత్రి ఏడు గంటల లోపే. కనీసం పదకొండు గంటలు మధ్యలో లేని మార్పిడి నేను ఒప్పుకోను, ఈవెనింగ్-మార్నింగ్ కాగితం మీద పన్నెండు గంటలే చూపించినా దారి సమయం తీసేసి లెక్కపెట్టుకోండి. ఇన్‌చార్జ్ సిస్టర్ అడిగితే, మార్నింగ్ తర్వాత ఈవెనింగ్, ఈవెనింగ్ తర్వాత నైట్, ఈ వరుసలో వెయ్యమని అడగండి. ఆలస్యంగా పడుకోవడం ఒంటికి తేలిక, ముందుగా పడుకోవడమే కష్టం. వెనక్కి తిరిగే వరుసలో ప్రతిసారీ ఆ కష్టమే పడాలి.

నిద్ర మాత్ర వేసుకోవచ్చా? డాక్టర్‌కి ఎప్పుడు చూపించాలి?

వార్డులో మిగిలిన మాత్రలు వేసుకోవద్దు. చూశాను కాబట్టి చెప్తున్నాను. సాయంత్రం ఏడింటికి బయల్దేరేటప్పుడు ఇంకా మత్తు దిగదు. మెలటోనిన్ అయినా డాక్టర్‌ని అడిగే.

ఆఫ్ రోజుల్లో రాత్రి కూడా నిద్ర పట్టకపోవడం నెలల తరబడి ఉంటే, గట్టిగా గురక పెట్టి ఉలిక్కిపడి లేస్తున్నారని ఇంట్లోవాళ్లు చెప్తే, డ్యూటీలో నిలబడే కునుకు తీస్తుంటే చూపించుకోండి. థైరాయిడ్, షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు నైట్ల రోజుల్లో ఏ టైంకి వేసుకోవాలో ముందే రాయించుకోండి, సొంతంగా జరపొద్దు. ఫిట్స్ ఉన్నవాళ్లకి నిద్ర చెడడమే ఫిట్ రావడానికి కారణం కావచ్చు, నైట్లు ఒప్పుకునే ముందే ఆ మాట డాక్టర్‌తో మాట్లాడాలి.

రోస్టర్ చివరి నిమిషంలో మారితే ఈ లెక్కలన్నీ ఏమవుతాయి?

కొంత చెడతాయి. సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేసి ఈ రాత్రి రమ్మంటే, ఆ రోజు మధ్యాహ్నం పడుకోలేదు కాబట్టి ఉన్న మూడు గంటల్లో వంట వదిలేసి 4:30 నుంచి 6 దాకా పడుకుంటాను, అన్నం బయట నుంచి తెప్పించుకోమంటాను. రాత్రి 2, 3 మధ్య బ్రేక్ దొరికితే, వార్డులో అనుమతి ఉంటే, పక్క సిస్టర్‌కి నా పేషెంట్ల సంగతి చెప్పి ఇరవై నిమిషాలు కళ్లు మూస్తాను. ఆ రోజు మెట్రోనే, స్కూటీ తాళం ఇంట్లోనే ఉంటుంది.